డబ్బు వస్తుందా, నిలుస్తుందా: ధన, లాభ స్థానాలను చదివే పద్ధతి

"డబ్బు రావట్లేదని కాదు మాస్టారూ. వచ్చిందేదీ కంటికి కనపడట్లేదు."

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపల కమీషన్ వ్యాపారం చేసే ఒకాయన తన జాతకం ముందు పెట్టి అన్న మాట ఇది. రెండో ఇల్లు, పదకొండో ఇల్లు ఎలా చదవాలో చెప్పడానికి ఆయన చక్రం బాగా పనికొస్తుంది. పేరు, పుట్టిన తేదీ అక్కర్లేదు, గ్రహస్థితి చాలు.

పదకొండోది లాభ స్థానం. రాబడి ఏ దారిన వస్తుంది, నెలనెలా వస్తుందా, ఆగి ఆగి వస్తుందా అన్నది ఇక్కడ తెలుస్తుంది. రెండోది ధన స్థానం. వచ్చినదాంట్లో ఎంత మన దగ్గర ఉండిపోతుందో చెప్పేది ఇది. చాలామంది ఈ రెంటినీ కలిపేసి "మీకు ధనయోగం ఉందండీ" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. లాభం బలంగా ఉండి ధనం బలహీనమైతే మనిషి జీవితమంతా సంపాదిస్తూనే ఉంటాడు, కూతురి పెళ్లికి మాత్రం అప్పు చేస్తాడు. అందుకే రెంటినీ విడివిడిగా చదవాలి, వాటి పక్కనే పన్నెండో ఇల్లు, అంటే వ్యయ స్థానాన్ని పెట్టుకోవాలి. పన్నెండు చూడకుండా రెండు, పదకొండు చెప్పడం సగం లెక్కే.

1. ముందు లగ్నం సరైనదేనా చూడండి

పుట్టిన సమయానికి తూర్పున ఉదయిస్తున్న రాశే లగ్నం, ఇళ్లన్నీ దాని నుంచే లెక్కపెడతాం. ఇక్కడ తప్పితే తర్వాత చెప్పేదంతా వేరొకరి జాతకం అవుతుంది. ఈయన ఫోన్‌లోంచి ప్రింటు తీయించుకుని తెచ్చిన చక్రంలో సింహ లగ్నం ఉంది. సింహానికి రెండో ఇల్లు కన్య, పదకొండో ఇల్లు మిథునం. రెంటికీ అధిపతి బుధుడే. ఆ బుధుడు కన్యలో ఉచ్చలో ఉన్నాడు, పక్కనే లగ్నాధిపతి రవి. ధన, లాభాధిపతి ఒక్కడే అయి, ధన స్థానంలోనే ఉచ్చలో, లగ్నాధిపతితో కలిసి కూర్చుంటే ఇంకేం కావాలి? ఆ ప్రింటు చూసినవాళ్లంతా ఆయనకు అదే చెప్పారు. ఆయన అనుభవం మాత్రం అది కాదు.

కారణం చిన్నది. పుట్టిన ఊరు అన్నచోట హైదరాబాద్ అని ముందే ఉంటే, దాన్ని మార్చకుండా సమయం మాత్రం వేశారు. విశాఖ 83 డిగ్రీల 18 నిమిషాల తూర్పు రేఖాంశం మీద ఉంది, హైదరాబాద్ సుమారు 78 డిగ్రీల 29 నిమిషాల మీద. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాల చొప్పున రెంటికీ స్థానిక కాలంలో 19 నిమిషాల పైనే తేడా. అంతసేపట్లో లగ్నం దాదాపు 5 డిగ్రీలు జరుగుతుంది. ఈయన తెల్లవారుజామున, సూర్యోదయానికి గంట ముందు పుట్టారు. ఊరు విశాఖ అని మార్చి, లాహిరి అయనాంశతో మళ్లీ వేస్తే లగ్నం కన్యలో 3 డిగ్రీలు వచ్చింది. హైదరాబాద్ పెట్టినప్పుడు అదే సింహంలో 28 డిగ్రీలైంది.

భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82 డిగ్రీల 30 నిమిషాల రేఖ మన ఊరికి చాలా దగ్గర. కాబట్టి విశాఖలో పుట్టినవారికి గడియారం సమయానికీ స్థానిక సమయానికీ తేడా 3 నిమిషాలే. చేత్తో లెక్కకట్టేవారికి ఇది సుఖం. కానీ లగ్నం రాశి మొదట్లోనో చివర్లోనో, 3 డిగ్రీల లోపు ఉందంటే ఊరు సరిచేసినంత మాత్రాన ఊరుకోకూడదు. హాస్పిటల్ చీటీ మీద సమయం పది నిమిషాలు అటూ ఇటూ రాసి ఉండవచ్చు. అప్పుడు రెండు లగ్నాలకూ చక్రం వేసి, జరిగిపోయిన సంగతులు దేనితో కలుస్తాయో చూడాలి. ఈయన విషయంలో ఆ పరీక్ష చివర్లో వస్తుంది.

2. చక్రం, అధిపతులు

సరిచేసిన చక్రం ఇదీ: లగ్నం కన్య. లగ్నంలో రవి, వక్రించిన బుధుడు. లగ్నం నుంచి నాలుగింట ధనుస్సులో శని. ఆరింట కుంభంలో రాహువు. ఏడింట మీనంలో వక్ర కుజుడు. తొమ్మిదింట వృషభంలో వక్ర గురువు. పదకొండింట కర్కాటకంలో చంద్రుడు. పన్నెండింట సింహంలో శుక్రుడు, కేతువు.

కన్య లగ్నానికి ధన స్థానం తుల, అధిపతి శుక్రుడు. లాభ స్థానం కర్కాటకం, అధిపతి చంద్రుడు. వ్యయ స్థానం సింహం, అధిపతి రవి. ఈ ముగ్గురి పేర్లూ ఒక కాగితం మీద రాసుకోండి. రెండుకీ పదకొండుకీ ఒకే అధిపతి వచ్చే లగ్నాలు సింహం, కుంభం రెండే. సింహానికి బుధుడు, కుంభానికి గురువు. ఆ లగ్నాలవారికి ఒక్క గ్రహం చెడితే రాబడీ నిల్వా కలిసి చెడతాయి, బాగుంటే కలిసి బాగుంటాయి. మిగతా పది లగ్నాలకూ ఇద్దరినీ వేరువేరుగా తూకం వేయాలి.

3. లాభ స్థానం: రాబడి ఏ తీరుది

ఏ ఇంటికైనా మూడు సంగతులు చూస్తాం. అందులో ఎవరున్నారు, దాని అధిపతి ఎక్కడ కూర్చున్నాడు, దాన్ని ఎవరు చూస్తున్నారు. ఈయనకు మొదటి రెండు ప్రశ్నలకూ ఒకటే జవాబు. లాభాధిపతి చంద్రుడు లాభంలోనే, స్వక్షేత్రంలో ఉన్నాడు. కుజుడి దృష్టిగానీ శని దృష్టిగానీ అక్కడ పడటం లేదు. అంటే రాబడికి లోటు లేదు.

"లోటు లేదు" దగ్గర ఆగిపోతే మాత్రం ఏమీ చెప్పనట్టే. గ్రహం స్వభావం కూడా చెప్పాలి. లాభాధిపతి శని అయితే జీతంలా, ఆలస్యమైనా ఒక వరసలో వస్తుంది. స్టీల్ ప్లాంటులో, పోర్టులో ఏళ్ల తరబడి ఒకే ఉద్యోగంలో ఉన్నవారి చక్రాల్లో పదికీ పదకొండుకీ శని సంబంధం ఉందేమో వెతకడం అందుకే. చంద్రుడైతే పెరుగుతాడు, తరుగుతాడు. పైగా కర్కాటకం జలరాశి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మర బోట్లకు వేట నిషేధం. ఆ రెండు నెలలూ ఈయన వేలంపాట పాడే చోట మంచు పెట్టెలు బోర్లించి ఉంటాయి. వేట మొదలయ్యాక వంజరం, రొయ్య దండిగా పడిన వారంలో వచ్చే కమీషన్ మామూలు నెల మొత్తానికి సరిపోతుంది. చంద్రుడి రాబడి అంటే ఇదే.

ఇంకో సంగతి ఉంది. ఈ చంద్రుడు బహుళ పక్షం చివర్లో ఉన్నాడు, అంటే క్షీణ చంద్రుడు. ఇల్లు తనదే కాబట్టి రాబడి ఆగదు, కానీ ఎగుడుదిగుడు ఎక్కువ. స్వక్షేత్రం అని చూడగానే మురిసిపోయి పక్షం చూడకుండా వదిలేసేవారు ఎక్కువ. చంద్రుడు లాభాధిపతి అయినప్పుడు ముందు తిథి అడగండి.

పదకొండో ఇంట్లో పాపగ్రహం ఉందని భయపడక్కర్లేదు. ఈ ఇంట్లో శని, కుజ, రాహువులు కూడా లాభమే ఇస్తారు, దారి మాత్రం తమదైన పద్ధతిలో ఉంటుంది.

4. ధన స్థానం: ఎందుకు నిలవట్లేదు

అసలు సమస్య ఇక్కడుంది, నిదానంగా చూద్దాం. తులలో ఏ గ్రహమూ లేదు. ఖాళీ ఇల్లు చెడ్డ ఇల్లేమీ కాదు, దాని భారమంతా అధిపతి మీద పడుతుందంతే. ఆ అధిపతి శుక్రుడు పన్నెండింట ఉన్నాడు. కేతువుతో కలిశాడు. సింహం ఆయనకు శత్రుక్షేత్రం. ధనాధిపతి వ్యయంలో ఉంటే నిల్వ ఉండాల్సిన డబ్బు బయటికి పోయే దారిలో ఉన్నట్టు.

తర్వాత దృష్టి. మీనంలోని కుజుడికి నాలుగు, ఏడు, ఎనిమిదో చూపులు ఉంటాయి. ఆయన ఎనిమిదో చూపు సరిగ్గా తుల మీద పడుతుంది. కన్య లగ్నానికి కుజుడు మూడు, ఎనిమిది స్థానాలకు అధిపతి. అష్టమాధిపతి ధన స్థానాన్ని చూస్తే అనుకోని ఖర్చు వచ్చిపడుతుంది. ధనకారకుడు గురువు చూపు తులకు అందడం లేదు. ఆయన వృషభం నుంచి కన్యను, వృశ్చికాన్ని, మకరాన్ని చూస్తాడు. లగ్నాన్ని చూస్తున్నాడు కాబట్టి మనిషి నిలదొక్కుకుంటాడు, కానీ పెట్టెకు కాపలా లేదు.

ఇక్కడిదాకా చదివి "ఈయనకు డబ్బు నిలవదు" అని చెప్పేస్తే అది తొందరపాటు. ఇంకా రెండు పరీక్షలు మిగిలున్నాయి. ఒక మాట మాత్రం ముందే చెప్పాలి. రెండో ఇల్లు మారక స్థానం కూడా కాబట్టి, ధనాధిపతి బలహీనం అనగానే ఆయుష్షు గురించి ప్రశ్నలు వస్తాయి. డబ్బు గురించి అడిగినవారికి ఆయుష్షు గురించి చెప్పి టెన్షన్ పెట్టకండి. ఆ లెక్క వేరు.

5. చంద్రుడి నుంచి మళ్లీ లెక్కపెట్టండి

చంద్రుడున్న రాశిని లగ్నం అనుకుని ఇదే పని ఇంకోసారి చేయాలి. కర్కాటకం నుంచి రెండో ఇల్లు సింహం, పదకొండో ఇల్లు వృషభం. వృషభంలో స్వయంగా ధనకారకుడు గురువు. ఆ వృషభానికి అధిపతి శుక్రుడు సింహంలో, అంటే చంద్రుడి నుంచి రెండింట. లాభాధిపతి ధన స్థానంలో!

ఒకే శుక్రుడు, ఒకే సింహరాశి. లగ్నం నుంచి చూస్తే పన్నెండు, చంద్రుడి నుంచి చూస్తే రెండు. ఒకవైపు ఖర్చు, ఇంకోవైపు నిల్వ. ఇలా ఎదురుబొదురుగా వచ్చినప్పుడు ఏదో ఒకటి కొట్టేయకూడదు. రెండూ ఒకేసారి నిజమయ్యే పరిస్థితి ఏమిటో ఆలోచించాలి. డబ్బు చేతిలోంచి పోతుంది, కానీ మాయమవదు. ఇంకో రూపంలో, ఇంకొకరి దగ్గర ఉంటుంది.

అప్పుడు ఆయన్ని అడగాల్సిన ప్రశ్న "ఎంత దాచారు" అని కాదు, "మీ డబ్బు ఎవరెవరి దగ్గర ఉంది" అని. అడిగితే విషయం బయటపడింది. బోటు యజమానులకు వేటకు వెళ్లేముందు డీజిల్‌కీ మంచుకీ వలలకీ ఈయన అడ్వాన్సులు ఇస్తారు. అందుకు బదులుగా పట్టిన చేప ఈయన దగ్గరే వేలానికి పెడతారు. ఏ రోజు చూసినా ఆయన సొమ్ములో పెద్ద భాగం సముద్రం మీదే ఉంటుంది. ఖాతా పుస్తకంలో కనపడుతుంది, బ్యాంకులో కనపడదు. అలాంటి మనిషికి "ఖర్చు తగ్గించుకోండి" అని సలహా ఇస్తే ఏం లాభం? ఆయనకు దుబారా లేదు. వసూలే సమస్య.

6. అష్టకవర్గుతో కొలవండి

ఇప్పటిదాకా గుణం చూశాం, ఇక పరిమాణం. గ్రహాలు ఒక్కో రాశికి ఇచ్చే బలాన్ని బిందువుల్లో లెక్కకట్టే పద్ధతి అష్టకవర్గు, వాటన్నిటి మొత్తం సర్వాష్టకవర్గు. సర్వాష్టకవర్గులో పన్నెండు రాశులకూ కలిపి 337 బిందువులు ఉంటాయి, సగటున రాశికి 28. మీ దగ్గరున్న పట్టికలో మొత్తం 337 వచ్చిందో లేదో ముందు కూడి చూసుకోండి. 386 వచ్చిందంటే లగ్నాష్టకవర్గులోని 49 కూడా కలిపేశారని అర్థం. ఆ అంకెల్ని 28తో పోల్చకూడదు.

మనకు కావలసినవి నాలుగే ఇళ్లు. ఈయనకు పదో ఇల్లు మిథునంలో 32, పదకొండో ఇల్లు కర్కాటకంలో 33, పన్నెండో ఇల్లు సింహంలో 20, రెండో ఇల్లు తులలో 26.

పదికంటే పదకొండులో ఎక్కువ ఉంటే పడిన కష్టానికి తగ్గ ఫలితం దక్కుతుంది. ఇక్కడ ఒక్క బిందువే ఎక్కువ, అంటే కష్టానికి సరిపడా వస్తుంది, ఊరికే వచ్చేదేమీ లేదు. పదకొండుకంటే పన్నెండులో తక్కువ ఉంటే రాబడిని ఖర్చు మించదు. 33కీ 20కీ మధ్య తేడా పెద్దదే. ధనాధిపతి వ్యయంలో పడ్డా ఈయన ఎందుకు మునిగిపోలేదో ఈ అంకె చెబుతోంది. ధన స్థానంలో 26 అంటే సగటుకు కాస్త తక్కువ. నిల్వ ఉంటుంది, రాబడిని చూసి ఊహించుకున్నంత ఉండదు.

ఈ 20 అనే అంకె లేకపోతే నాలుగో మెట్టులో చెప్పినదానికి జవాబు దొరికేది కాదు. లాభం 33 ఉండి వ్యయం 36 ఉన్న చక్రాలు చూస్తే, అక్కడ నిజంగానే చేతిలో ఏమీ మిగలదు.

7. దశతో సరిచూడండి

ఇళ్లు ఏం ఇస్తాయో చెబుతాయి, ఎప్పుడిస్తాయో దశ చెబుతుంది. ఈయనది ఆశ్లేష మొదటి పాదం చివర. పుట్టేటప్పటికి బుధ దశలో 12 ఏళ్ల 9 నెలలు మిగిలింది. తర్వాత కేతువు 7 ఏళ్లు. 2008 జూలైలో శుక్ర దశ మొదలైంది, 2028 జూలై దాకా ఉంటుంది. ధనాధిపతి దశే, కానీ వ్యయంలో ఉన్న ధనాధిపతి. డబ్బు చలామణీలో ఉంటుంది, చేతిలో ఉండదు అని ఆ ఇరవై ఏళ్లకూ ముందే రాసుకోవచ్చు.

ఇప్పుడు జరిగిపోయినవి అడుగుదాం. ఒక్కో దశలో తొమ్మిది గ్రహాలకూ వరసగా వచ్చే భాగాలే భుక్తులు. శుక్రలో చంద్ర భుక్తి 2012 నవంబరు నుంచి 2014 జూలై దాకా. లాభాధిపతి భుక్తి అది. వేరేవారి దగ్గర పని మానేసి సొంతంగా కమీషన్ మొదలుపెట్టింది ఆ మధ్యే. తర్వాత వచ్చిన కుజ భుక్తి 2015 సెప్టెంబరు దాకా సాగింది. ధన స్థానాన్ని అష్టమ చూపుతో చూస్తున్న కుజుడే ఇతను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. బోట్లు దెబ్బతిన్నాయి, ఇచ్చిన అడ్వాన్సులు చాలావరకు ఆగిపోయాయి.

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. హుద్‌హుద్ ఊరందరికీ వచ్చింది, కుజ భుక్తి నడుస్తున్నవారికి మాత్రమే రాలేదు. ఈయన కుజుడి వల్ల తుఫాను వచ్చిందని ఎవరూ అనరు కదా. జాతకంలో చూడాల్సింది ఆ దెబ్బకు ఈయన చేతిలో నిల్వ ఉందా లేదా అన్నదే. లేదు. వడ్డీకి తెచ్చి నిలబడ్డారు. 2023 నవంబరులో హార్బర్‌లో అగ్నిప్రమాదం జరిగి పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయినప్పుడూ దాదాపు అదే పరిస్థితి. అప్పుడు శుక్రలో శని. కన్య లగ్నానికి శని అప్పుల ఇల్లైన ఆరుకు అధిపతి.

మధ్యలో ఒక మంచి కాలం ఉంది. 2018 సెప్టెంబరు నుంచి 2021 మే దాకా గురు భుక్తి. గురువు చతుర్థాధిపతి, చంద్రుడి నుంచి లాభంలో ఉన్నవాడు. ఆ రోజుల్లో తగరపువలస వైపు ఇంటి స్థలం కొన్నారు. ఆయన దగ్గర మిగిలిన గట్టి ఆస్తి అదొక్కటే. నిల్వ డబ్బు రూపంలో కాక స్థలం రూపంలో నిలిచింది.

మొదట పక్కన పెట్టిన పరీక్ష ఇప్పుడు చేయొచ్చు. సింహ లగ్నమే నిజమైతే శుక్రుడు మూడు, పది స్థానాలకు అధిపతి అయి లగ్నంలో ఉంటాడు, ధనాధిపతి ధనంలోనే ఉచ్చలో ఉంటాడు. అలాంటి మనిషి రెండుసార్లు చేతిలో పైసా లేకుండా దొరికిపోయాడంటే నమ్మడం కష్టం. కన్య లగ్నానికైతే ప్రతి సంగతీ తన చోట కూర్చుంటుంది. ఒక్క సంఘటన కలిస్తే చాలదు, కనీసం మూడు కలవాలి. కలవకపోతే సమయాన్నే అనుమానించండి.

8. ముందుకు ఏం చెప్పొచ్చు

శుక్రలో బుధ భుక్తి 2027 మే దాకా, ఆపైన కేతు భుక్తి 2028 జూలై దాకా. కేతువు ధనాధిపతితో కలిసి వ్యయంలో ఉన్నవాడు కాబట్టి, ఆ పద్నాలుగు నెలల్లో కొత్తగా పెద్ద అడ్వాన్సులు ఇవ్వకుండా పాతవి వసూలు చేసుకోవడమే తెలివైన పని. తర్వాత ఆరేళ్లు రవి దశ. వ్యయాధిపతి లగ్నంలో ఉన్నాడు కాబట్టి ఖర్చు తన నిర్ణయం మీదే జరుగుతుంది, ఎవరో లాక్కునేది తక్కువ. 2034 నుంచి 2044 దాకా చంద్ర దశ. లాభాధిపతి లాభంలో ఉండి ఇచ్చే దశ, వ్యాపారంలో రాబడికి బాగా అనువైన కాలం అదే. అప్పుడు కూడా చంద్రుడి పద్ధతిలోనే వస్తుంది, వేట నెలల్లో పొంగి నిషేధంలో తగ్గుతుంది.

ఎంత వస్తుందో మాత్రం చెప్పకండి. లక్షలా, కోట్లా అన్నది చక్రంలో ఉండదు. 33 బిందువులు బోటు కూలికీ ఉండొచ్చు, బోటు యజమానికీ ఉండొచ్చు. వాళ్ల వాళ్ల స్థాయిలో రాబడికీ ఖర్చుకీ మధ్య ఉండే నిష్పత్తి అది. ఈ చక్రం చూసి షేర్లు కొనమనో, ఇల్లు తాకట్టు పెట్టమనో చెప్పడం కూడా తగదు.

ఈయనకు చెప్పింది ఒక్క పనే. జూన్ 15న బోట్లు మళ్లీ కదిలాక వచ్చే మొదటి నెలల కమీషన్‌లో నిషేధ కాలానికి సరిపడా పక్కన పెట్టి, అది అడ్వాన్సుల్లోకి వెళ్లకుండా భార్య పేరు మీద రికరింగ్ డిపాజిట్‌లో వేయమని. "అమ్మో, అది అడిగినా ఇవ్వదండీ" అన్నారాయన. అందుకే ఆవిడ పేరు మీద వేయమన్నాను.